క్లాసు రికార్డు చేసి ఫోన్‌తోనే తెలుగు రాతగా మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదువుకునే పిల్లలతో రోజూ కూర్చుంటాను. కర్నూలు, కడప నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. "అన్నా, సార్ చెప్పింది రికార్డు చేసినా, దాన్ని నోట్సుగా ఎట్ల మార్చుకోవాల?" అన్నదే ఎక్కువమంది ప్రశ్న. దాని వెనకాలే వచ్చే సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. తెలుగులో, మధ్యమధ్య ఇంగ్లీషు మాటలతో, గంటసేపు నడిచే క్లాసు గురించే ఇదంతా. ఏ ప్రశ్న కావాలంటే అది నేరుగా చదువుకోవచ్చు.

## రికార్డు చేయకముందు

క్లాసు నడుస్తుండగానే ఫోన్ రాసేసుకుంటే సరిపోదా? మళ్లీ రికార్డింగ్ ఎందుకు?

సరిపోదు. ముందు ఆడియో, తర్వాతే రాత. క్లాసులోనే రాయించుకుంటే ఫోన్ ఒక మాట తప్పు రాసినప్పుడు సార్ నిజంగా ఏమన్నారో చూసుకోవడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. ఆండ్రాయిడ్‌లో ఉండే Live Transcribe ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే అప్పటికప్పుడు రాసి చూపిస్తుంది. కానీ అది దాచేది రాతనే, గొంతును కాదు. చెవి సరిగా వినపడనివాళ్లకు ఎదురుగా మాట్లాడుకోవడానికి చేసిన సాధనం అది, ఆ పనికి చాలా మంచిది. పరీక్ష నోట్సుకు మాత్రం ఆడియో చేతిలో ఉండాల్సిందే.

రెండూ ఒకే ఫోన్‌లో ఒకేసారి నడుపుదామన్నా కుదరదు. ఆండ్రాయిడ్ 10 నుంచి మామూలు యాప్‌లు రెండింటికి ఒకేసారి మైకు దొరకదు. తెర మీద ముందున్న యాప్‌కు గొంతు పోతుంది, వెనకున్నదానికి నిశ్శబ్దమే మిగులుతుంది. గంట రికార్డింగ్‌లో నలభై నిమిషాలు ఖాళీగా వచ్చిందని వాపోయేవాళ్లలో చాలామంది విషయం ఇదే.

నా ఫోన్‌లోని రికార్డర్‌లోనే రాతగా మార్చే బటన్ ఉంది. అది తెలుగు రాస్తుందా?

ముందు భాషల పట్టీ చూడండి. పిక్సెల్‌లోని Recorder, శామ్‌సంగ్ పెద్ద మోడళ్లలోని Voice Recorder, ఐఫోన్‌లోని Voice Memos, వీటన్నిటిలో రాతగా మార్చే సదుపాయం ఉంది. అయితే ఒక్కోదానికి వచ్చిన భాషలు వేరు. బటన్ ఉన్నంత మాత్రాన తెలుగు ఉన్నట్టు కాదు.

పట్టీలో తెలుగు లేకుండా ఇంగ్లీషు మీదే పెట్టి తెలుగు క్లాసు ఇస్తే ఫోన్ ఊరుకోదు. తెలుగు మాటలకు దగ్గరగా వినబడే ఇంగ్లీషు మాటలు వరుసగా పేర్చి పెడుతుంది. తెర మీద అర్థం లేని ఇంగ్లీషు కనబడిందంటే రికార్డింగ్ పాడైనట్టు కాదు, భాష తప్పు పెట్టినట్టు. ఆడియో బాగానే ఉంటుంది, కంగారుపడి తీసేయొద్దు.

మీ రికార్డర్‌లో తెలుగు లేకపోతే జీబోర్డ్ కీబోర్డులోని మైకు గుర్తు చాలు. దానికి తెలుగు వచ్చు, ఏడెనిమిది వేల ఫోన్‌లో కూడా పనిచేస్తుంది.

సార్‌ను అడగాలా? అందరూ చేస్తున్నారు కదా.

అడగాలి. మొదటిరోజే క్లాసుకు ముందు పోయి, "సార్, నేను చదువుకోవడానికి మాత్రమే రికార్డు చేసుకుంటాను, ఎవరికీ పంపను" అని చెప్పండి. చాలామంది సరే అంటారు. కోచింగ్ సెంటర్లలో క్లాసు మాటలే సార్ జీవనం. ఆ ఆడియోనో, దాని నుంచి వచ్చిన రాతనో టెలిగ్రామ్ గ్రూపులో పెడితే ఆయన పని మీద దెబ్బ కొట్టినట్టే. వద్దంటే వద్దు, చేత్తో రాసుకోండి.

గంట రికార్డింగ్‌కు ఫోన్‌లో ఎంత జాగా కావాలి? క్వాలిటీ ఎక్కువ పెడితే రాత బాగా వస్తుందా?

రికార్డర్ సెట్టింగులలో m4a రకం, 128 kbps పెట్టుకుంటే గంటకు దాదాపు 58 ఎంబీ అవుతుంది. మాటకు అది చాలు. అదే ఆడియో wav రకంలో, 44.1 kHz మోనోలో పెడితే గంటకు 300 ఎంబీ దాటుతుంది. రాతలో మాత్రం తేడా కనబడదు. మాటను గుర్తుపట్టే యంత్రాలకు సంగీతానికి కావాల్సినంత నాణ్యత అక్కర్లేదు. మైకు ఎక్కడ పెట్టారన్న దాని మీదే ఫలితం ఆధారపడుతుంది.

## క్లాసులో

నేను వెనక బెంచీలో కూర్చుంటాను. అక్కడి నుంచి రికార్డు అవుతుందా?

రికార్డు అవుతుంది, మీరు వింటే అర్థం కూడా అవుతుంది. ఫోన్ మాత్రం సరిగా రాయలేదు. దూరం రెట్టింపైతే సార్ గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఫ్యాను చప్పుడు, పక్కవాడి పేజీల చప్పుడు మాత్రం అంతే ఉంటాయి. మీటరు దూరంలో ఉన్న ఫోన్‌ను ఎనిమిది మీటర్ల దూరానికి తీసుకుపోతే గొంతు మూడుసార్లు అట్లా తగ్గుతుంది. మన చెవి సార్ మాటను మాత్రమే పట్టుకుని మిగతాది వదిలేయగలదు. ఫోన్‌కు అంత తెలివి లేదు.

అందుకని సార్‌ను అడిగి ఫోన్‌ను ఆయన బల్ల మీదే పెట్టండి. మైకు సాధారణంగా ఫోన్ కింది అంచులో, చార్జర్ రంధ్రం పక్కన ఉంటుంది. ఆ అంచు సార్ వైపు ఉండాలి. కింద చేతిరుమాలు మడిచి వేయండి. లేకపోతే సార్ బల్ల మీద పుస్తకం పెట్టిన ప్రతిసారీ దడేల్‌మని రికార్డవుతుంది. నేరుగా ఫ్యాను కింద పెట్టొద్దు, మైకులోకి గాలి దూరితే మాటను కప్పేస్తుంది. మా వైపు మే నెలలో ఫ్యాను ఆపమని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు కాబట్టి బల్ల మీదే ఫ్యాను గాలి తగలని మూల చూసుకోవడం ఒక్కటే దారి.

సార్ బోర్డు దగ్గరికీ బల్ల దగ్గరికీ తిరుగుతుంటాడు. అప్పుడెట్లా?

చొక్కాకు గుచ్చే వైరు మైకు, అంటే కాలర్ మైకు, ఇట్లాంటి సార్లకు బాగా పనికొస్తుంది. ఫోన్ సార్ జేబులో ఉంటుంది, మైకు గొంతుకు జానెడు కింద ఉంటుంది. మీ ఫోన్‌కు ఇయర్‌ఫోన్ రంధ్రం ఉందో, టైప్-సి మాత్రమే ఉందో చూసి దానికి సరిపోయేది కొనండి. పెట్టాక పది సెకన్లు రికార్డు చేసి వినండి. కొన్నిసార్లు మైకు సరిగా దిగక ఫోన్ తన సొంత మైకుతోనే రికార్డు చేస్తుంటుంది, పోల్చుకోవడం తేలిక. కాలర్ మైకును గోరుతో మెల్లగా తట్టండి. ఆ చప్పుడు గట్టిగా రికార్డయితే మైకు పనిచేస్తున్నట్టే.

మైకు లేకుండా ఫోన్‌ను సార్ చొక్కా జేబులో వేస్తే లాభం లేదు. గుడ్డ రాసుకునే చప్పుడు మాటకంటే గట్టిగా వస్తుంది.

హాల్లో స్పీకర్ బాక్సులు ఉంటాయి. వాటి పక్కన పెట్టొచ్చా?

మరీ పక్కన వద్దు. బాక్సుకు ఆనించి పెడితే గొంతు పగిలినట్టు వస్తుంది, ఆ పగుళ్లను తర్వాత ఏమీ చేయలేము. మీటరున్నర, రెండు మీటర్ల దూరంలో ఒకే బాక్సుకు ఎదురుగా కూర్చోండి. రెండు బాక్సుల మధ్య, గోడకు దగ్గరగా కూర్చుంటే ఒకే మాట రెండుసార్లు వచ్చినట్టు వినబడి రాత చెడుతుంది. రేకుల షెడ్డు హాళ్లలో ఈ ప్రతిధ్వని మరీ ఎక్కువ.

మధ్యలో ఇంటి నుంచి ఫోన్ వచ్చి రికార్డింగ్ ఆగిపోయింది. మళ్లీ రాకుండా ఏం చేయాలి?

ఏరోప్లేన్ మోడ్ పెట్టి రికార్డు చేయండి. రికార్డింగ్‌కు నెట్ అక్కర్లేదు.

ఇంకో కారణంతో కూడా ఆగుతుంది. తెర ఆరిపోయాక బ్యాటరీ ఆదా చేయడానికి కొన్ని ఫోన్లు రికార్డర్‌ను మెల్లగా మూసేస్తాయి. సెట్టింగులలో ఆ యాప్ పేరు మీదికి పోయి Battery నొక్కి, Unrestricted లేదా No restrictions అని ఉన్నది ఎంచుకోండి. తర్వాత ఇంట్లో ఒకసారి టీవీ ముందు గంటసేపు తెర ఆర్పి రికార్డు చేసి చూడండి. ఫైలు గంట నిడివి వచ్చిందంటే క్లాసుకు తీసుకుపోవచ్చు.

క్లాసులో రికార్డు అవుతుంటే నేను రాసుకోవాల్సిన పని లేదు కదా?

పేర్లు, తేదీలు, బోర్డు మీద రాసినవి రాసుకోండి. పక్కన గడియారం టైము వేసుకోండి. "10.42, శ్రీబాగ్, 1937" అని ఒక్క ముక్క చాలు. రాత తయారయ్యాక ఫోన్ తప్పుగా రాసే చోట్లు దాదాపు ఇవే ఉంటాయి. బోర్డు మీది పట్టిక ఆడియోలో ఎట్లాగూ ఉండదు. "ఇది చూడండి, దీని పక్కన ఇది" అన్న మాటలే ఉంటాయి. ఆ పట్టికను ఫోటో తీయాలనిపిస్తే రికార్డింగ్ నడుస్తున్న ఫోన్‌తో కాకుండా పక్కవాళ్ల ఫోన్‌తో తీయించుకోండి.

## రాతగా మార్చేటప్పుడు

ఆడియో ఫైలు ఉంది. జీబోర్డ్‌లో ఫైలు ఎక్కించే చోటే లేదు. ఎట్లా?

జీబోర్డ్ మైకు ఫైలును తీసుకోదు, వినబడేదాన్నే రాస్తుంది. అందుకే రెండు ఫోన్లు కావాలి. ఇంట్లో అమ్మదో, తమ్ముడిదో ఫోన్ అడిగి తీసుకోండి.

ఒక ఫోన్‌లో క్లాసు ఆడియో పెట్టండి. రెండో ఫోన్‌లో జీబోర్డ్ సెట్టింగులలో Languages లోకి పోయి తెలుగు కీబోర్డు చేర్చండి. నోట్సు రాసే యాప్ ఏదైనా తెరిచి, కీబోర్డు తెలుగులో ఉందో లేదో చూసుకుని మైకు గుర్తు నొక్కండి. రెండు ఫోన్లనూ జానెడు దూరంలో పెట్టండి. ఒకదాని స్పీకర్ రెండోదాని కింది అంచుకు ఎదురుగా ఉండాలి. సౌండు పూర్తిగా పెంచొద్దు, చిన్న స్పీకర్లు ఆఖరి గీతలో పగులుతాయి. ముప్పావు వంతు చాలు. రాసే ఫోన్‌కు నెట్ బాగుండాలి, తలుపు మూసుకుంటే ఇంకా మంచిది.

సార్ కొంచెం ఎక్కువసేపు ఆగితే జీబోర్డ్ మైకు ఆగిపోతుంది. కాబట్టి వదిలేసి టీకి పోతే కుదరదు, పక్కనే కూర్చుని మళ్లీ నొక్కుతూ ఉండాలి. ఆ అవస్థ వద్దనుకుంటే రెండో ఫోన్‌లో Live Transcribe పెట్టండి. నిశ్శబ్దానికి అది ఆగదు. మొదటి భాష తెలుగు, రెండో భాష ఇంగ్లీషు అని పెట్టుకోవచ్చు. దాని సెట్టింగులలో రాతను దాచే ఏర్పాటు ఆన్ చేయాలి. ఆన్ చేసినా మూడు రోజులే ఉంచుతుంది. కాబట్టి అయిన వెంటనే రాత మీద వేలు నొక్కిపట్టి కాపీ చేసి నోట్సులోకి తెచ్చుకోండి.

ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి Tools లో Voice typing నొక్కి తెలుగు ఎంచుకుని ఫోన్ ఆడియోను దాని ముందు పెట్టండి. పని నడుస్తుండగా వేరే కిటికీ మీద నొక్కితే రాయడం ఆగిపోతుంది. ఆ ఒక్కటి గుర్తుంటే పెద్ద క్లాసులకు ఇదే సుఖం.

గంట ఆడియోను ఒకేసారి పెట్టొచ్చా?

పది నిమిషాల ముక్కలుగా పెట్టండి. ప్రతి ముక్క ముందు చేత్తో "0 నుంచి 10" , "10 నుంచి 20" అని రాసుకోండి. తర్వాత ఒక వాక్యం మీద అనుమానం వస్తే ఆడియోలో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. గంట రాత ఫుల్‌స్టాపు లేకుండా ఒకే ముద్దగా వస్తే దాన్ని దిద్దాలన్న ఓపిక ఎవరికీ మిగలదు.

సార్ గొంతు మరీ చిన్నగా ఉంది, సగం మాటలు తప్పు వస్తున్నాయి. ఆ రికార్డింగ్ వదిలేయాల్సిందేనా?

వదిలేయొద్దు. ఆడియో మీకు అర్థమైతే చాలు, మీరే మళ్లీ చెప్పండి. ఒక ఫోన్‌కు ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక వాక్యం వినండి, ఆపండి, అదే వాక్యాన్ని రెండో ఫోన్‌లోని తెలుగు మైకులోకి నిదానంగా, స్పష్టంగా పలకండి. టీవీల్లో ప్రత్యక్ష ప్రసారాలకు అక్షరాలు వేసేవాళ్లు కూడా ఈ పని చేస్తారు. ఒకరు విని తన గొంతుతో మళ్లీ పలుకుతుంటే యంత్రం ఆ గొంతును రాస్తుంది.

గదిలో చప్పుడు లేదు, మైకు నోటి ముందే ఉంది, గొంతు ఒక్కటే. అందుకే రాత ఎంతో శుభ్రంగా వస్తుంది. సార్ చెప్పిన ఊరిపేర్లు, మనుషుల పేర్లు మీకు తెలుసు కాబట్టి వాటిని విడదీసి పలుకుతారు. సార్ చెప్పిన ముచ్చట్లు, "అర్థమైందా?" లాంటివి వదిలేస్తారు. గంట క్లాసుకు గంటన్నర పైనే పడుతుంది. కానీ ఆ గంటన్నరలో పాఠం ఇంకోసారి మీ నోట్లో నుంచి బయటికి వస్తుంది. ఆడియో బాగున్న క్లాసులకు కూడా నేను మా పిల్లలకు చెప్పేది ఈ పద్ధతే.

వాట్సాప్‌లో ఫ్రెండు పంపిన వాయిస్ నోట్‌ను రాతగా మార్చుకోవచ్చా?

వాట్సాప్ వాయిస్ నోట్లను రాతగా చూపించే సదుపాయాన్ని 2024 నవంబరులో ప్రకటించింది. Settings లో Chats లోపల Voice message transcripts అని ఉంటుంది. ఆ పని ఫోన్‌లోనే జరుగుతుంది. అక్కడి భాషల పట్టీలో తెలుగు కనబడితే అదే వాడుకోండి. కనబడకపోతే వాయిస్ నోట్‌ను ఒక ఫోన్‌లో స్పీకర్ మీద పెట్టి, రెండో ఫోన్‌లో తెలుగు మైకు నొక్కి రాయించుకోండి.

ఆ నోట్ ఫైలుగా కావాలంటే ఆండ్రాయిడ్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి ఇక్కడ చూడండి:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media/WhatsApp Voice Notes
```

.opus అని చివర ఉండే ఫైళ్లు అవే.

ఇంగ్లీషు మాటలు ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషులో రాస్తోంది. ఎందుకు?

మన క్లాసులో "ఫెడరల్ స్ట్రక్చర్‌లో స్టేట్స్‌కు ఉండే పవర్స్" అంటారు. ఆ వాక్యంలో తెలుగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో యంత్రానికి తేల్చుకోవడం కష్టం. పక్కనున్న మాటలను బట్టి ఊహిస్తుంది, అందుకే ఒక్కోసారి ఒక్కో తీరుగా వస్తుంది. రాయించేటప్పుడు దీన్ని పట్టించుకోవద్దు. అంతా అయ్యాక నోట్సులో వెతికి మార్చే బటన్‌తో ఒక్కో మాటను ఒకే తీరుకు తెచ్చుకోండి.

## దిద్దుకునేటప్పుడు

వచ్చిన రాతను ఎట్లా దిద్దాలి? ఒకటి చేసి చూపిస్తారా?

చూపిస్తాను. శ్రీబాగ్ ఒడంబడిక క్లాసులో ఒక నిమిషం తీసుకుందాం. ఫోన్ ఇచ్చిన రాత ఇట్లా ఉంటుంది:

"పంతొమ్మిది వందల ముప్పై ఏళ్లు నవంబర్ 16 మద్రాసులో కాశీనాధుని నాగేశ్వరరావు గారి ఇంట్లో ఆ ఇంటి పేరే శ్రీ భాగ్యం అక్కడ కోస్తా నాయకులు సినిమా నాయకులు కూర్చుని రాసుకున్నారు రాజధాని హైకోర్టు రెండిట్లో ఏది కావాలో సీమ వాళ్లు కోరుకోవచ్చు అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం 1953 అక్టోబర్ 1 కర్నూలు రాజధాని అయింది హైకోర్టు గుంటూరుకు పోయింది"

మొదట ఆడియో పెట్టకుండా ఒకసారి చదవండి, అర్థం కుదరని చోట గీత పెట్టండి. "సినిమా నాయకులు" వెంటనే దొరుకుతుంది, అది సీమ నాయకులు. "శ్రీ భాగ్యం" మీ చేతిరాత చీటీ చూస్తే శ్రీబాగ్ అని తేలిపోతుంది. "ముప్పై ఏళ్లు" దగ్గర ఆగాలి. సంవత్సరం చెప్పాల్సిన చోట ఏళ్లు అని వచ్చింది. అక్కడ ఆడియో వింటే సార్ అన్నది "ముప్పై ఏడు".

తర్వాత వాక్యాలు విడగొట్టండి. తెలుగుకు ఫుల్‌స్టాపులు చాలావరకు పడవు, మనమే పెట్టుకోవాలి. క్రియ దగ్గర ఆగితే చాలు: రాసుకున్నారు, కోరుకోవచ్చు, అయింది, పోయింది. ఆఖరికి తేదీలు, పేర్లు అన్నిటినీ, సరిగానే ఉన్నాయని అనిపించినా సరే, ఆడియోతో పోల్చండి. అప్పుడు నోట్సు ఇట్లా తయారవుతుంది:

"శ్రీబాగ్ ఒడంబడిక: 1937 నవంబరు 16, మద్రాసు. కాశీనాథుని నాగేశ్వరరావు ఇంటి పేరు శ్రీబాగ్, అక్కడ కోస్తా, సీమ నాయకులు రాసుకున్నారు. రాజధాని, హైకోర్టు రెండిట్లో ఏది కావాలో సీమవాళ్లు కోరుకోవచ్చు. అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు."

అర్థం కుదరని తప్పు కనబడుతుంది. అర్థం కుదిరే తప్పును ఎట్లా పట్టాలి?

ఇదే అసలు ప్రమాదం. "సినిమా నాయకులు" ఎవరినీ మోసం చేయదు. అంకెలు మోసం చేస్తాయి. మన భాషలో ఇరవై, అరవై దగ్గరగా వినబడతాయి. యాభై, ఎనభై కూడా అంతే. పాలిటీ క్లాసులో సార్ ఆర్టికల్ 21 అంటే ఫోన్ 61 అని రాయొచ్చు. 21 జీవించే హక్కు, 61 రాష్ట్రపతి అభిశంసన. రెండూ ఉన్న ఆర్టికల్సే కాబట్టి చదివేటప్పుడు కన్ను ఎక్కడా ఆగదు.

అంకెల తర్వాత వాక్యం చివరి మాట. "ద్రవ్య బిల్లును తిరస్కరించే అధికారం రాజ్యసభకు ఉండదు" అన్నది సరైన మాట. సార్ వేగంగా చెబితే "ఉండదు" కాస్తా "ఉంటది" అయి కూర్చుంటుంది. వాక్యం నిండుగా ఉంటుంది, అర్థం తలకిందులవుతుంది. మన వైపు సార్లు "ఉంటాది", "వస్తాది" అనే మాట్లాడతారు కాబట్టి ఈ తికమక ఎక్కువ.

కాబట్టి రాత మొత్తాన్ని ఆడియోతో పోల్చే ఓపిక లేకపోయినా మూడు చోట్ల మాత్రం తప్పకుండా వినండి: ప్రతి అంకె, ప్రతి పేరు, ఉంది-లేదు తేల్చే ప్రతి మాట. విన్న తర్వాత కూడా అంకె మీద అనుమానం ఉంటే పాఠ్యపుస్తకం తెరవండి. సార్ కూడా నోరుజారి ఉండొచ్చు.

మధ్యలో మాటలు మింగేసిందేమో అని అనుమానంగా ఉంది. ఎట్లా తెలుస్తుంది?

నెట్ తగ్గినప్పుడు, మైకు ఆగి మళ్లీ మొదలైనప్పుడు కొన్ని వాక్యాలు చప్పుడు లేకుండా ఎగిరిపోతాయి. రాతలో ఖాళీ కనబడదు, ముందు వెనక వాక్యాలు అతుక్కుపోయి ఉంటాయి.

మీ సార్ ఒక నిమిషంలో ఎన్ని మాటలు చెబుతారో ఒకసారి ఆడియో విని లెక్కపెట్టుకోండి. దాన్ని పదితో గుణిస్తే పది నిమిషాల ముక్కలో ఎన్ని మాటలు ఉండాలో తెలుస్తుంది. గూగుల్ డాక్స్‌లో Word count చూడండి. మీ లెక్కలో నాలుగో వంతు తగ్గిందంటే ఏదో పోయినట్టే. ఆ ముక్కను మళ్లీ పెట్టండి.

మా అవ్వ చెప్పే ఊరి సంగతులు రికార్డు చేశాను. ఫోన్ మా యాసను రాయడం లేదు. ఏం చేయాలి?

"యాన్నుంచి వస్తాండావు", "రొంత ఆగు", "చెప్పినాదే" లాంటివాటిని ఫోన్ సరిగా పట్టదు. తనకు తెలిసిన మాటల్లో దగ్గరగా వినబడేది పెడుతుంది, లేదా వదిలేస్తుంది. మీరు విని మళ్లీ పలికినా యాసతో పలికితే అదే తప్పు, పుస్తకపు తెలుగులో పలికితే అవ్వ మాట పోతుంది.

ఇక్కడ రాత కంటే ఆడియోనే విలువైనది, దాన్ని భద్రంగా రెండు చోట్ల ఉంచండి. ఫోన్‌తో రాయించిన ముతక రాతను ఎక్కడ ఏ సంగతి ఉందో వెతుక్కోవడానికి మాత్రమే వాడండి. ఏ ఐదు నిమిషాలు మీకు నిజంగా కావాలో ఆ ఐదు నిమిషాలను చేత్తో టైపు చేయండి, అవ్వ అన్నది అన్నట్టే.

## దాచుకోవడం

ఫైళ్లకు ఏ పేరు పెట్టాలి?

తేదీ ముందు, సబ్జెక్టు తర్వాత. సంవత్సరం, నెల, రోజు వరుసలో పెడితే ఫైళ్లు వాటంతట అవే క్లాసుల వరుసలో నిలబడతాయి. ఆడియోకూ రాతకూ ఒకే పేరు ఉండాలి:

```
2025-07-14_sribagh.m4a
2025-07-14_sribagh.txt
```

గొంతు నెట్‌లోకి పోతుందంటారు. భయపడాలా?

జీబోర్డ్‌తోనైనా, గూగుల్ డాక్స్‌తోనైనా తెలుగు రాయించేటప్పుడు గొంతు సాధారణంగా కంపెనీ సర్వర్‌కు పోయి అక్కడ రాతగా మారి వస్తుంది. పాఠానికి దాంతో ఇబ్బంది లేదు. ఆస్పత్రి సంగతులు, ఇంటి గొడవలు, బ్యాంకు నంబర్లు ఉన్న వాయిస్ నోట్లను మాత్రం ఇట్లా పెట్టకండి, చేత్తో రాసుకోండి.

రాత అయిపోయింది కదా, ఆడియో తీసేయొచ్చా?

పరీక్ష అయ్యేదాకా ఉంచండి. రివిజన్‌లో ఒక అంకె మీద ఇద్దరి నోట్సు రెండు రకాలుగా ఉందంటే తేల్చేది ఆడియోనే. జాగా చాలకపోతే మెమరీ కార్డులోకో, గూగుల్ డ్రైవ్‌లోకో మార్చండి. డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీలో, జీమెయిల్, ఫోటోలకు పోగా పది జీబీ మిగిలినా 128 kbps క్లాసులు నూట డెబ్బై గంటల దాకా పడతాయి. పరీక్ష అయ్యాక, సార్‌కు మాట ఇచ్చి ఉంటే ఆ మాట ప్రకారం తీసేయండి.